ఒకటిన్నర నుంచి రెండు లోపు

ఎదురుగా నిలబెడితే ఆ అక్కచెల్లెళ్ళకి పోలికే లేదు. అక్క పొడుగు, చెల్లెలు పొట్టి. అక్క నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది, చెల్లెలు నవ్విందో లేదో దగ్గరికెళ్ళి చూసుకోవాలి. కానీ ఫోనులో మాత్రం ఇద్దరిదీ ఒకటే గొంతు. కన్నతల్లికి కూడా తేడా తెలిసేది కాదు. ఆవిడ ఫోను చేసిన ప్రతిసారీ ముందు అడిగే మాట, "ఎవరు, పెద్దదానివా చిన్నదానివా?" ఎవరెత్తినా చెప్పే జవాబు కూడా ఒకటే. "నీ కూతుర్నమ్మా, చెప్పు." ఆవిడ విసుక్కునేది, వీళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ ఇంట్లో అదొక పాత ఆట.

బావ అయితే ఒకసారి భార్యని తిట్టాల్సిన తిట్లన్నీ మరదల్ని తిట్టేశాడు. చిట్టి మధ్యలో ఆపకుండా చివరిదాకా విని, "అయిపోయిందా బావా? అక్క స్నానంలో ఉంది, రాగానే మళ్ళీ తిడుదువుగాని" అంది. ఆ రోజు నుంచి ఆయన ఫోనులో పెళ్ళాన్ని తిట్టడం మానేశాడు. ఆ ఇంటికి అంతకంటే పెద్ద మేలు ఇంకెవరూ చేయలేదని అక్క అంటూ ఉండేది.

చిట్టి అంటే చెల్లెలు. ముప్పై దాటినా చిట్టే. పళ్ళు చేయడం ఆమె పని. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపుతారు, దాంట్లో ప్లాస్టర్ పోసి దవడ తయారు చేస్తారు, ఆ దవడ మీద పోయిన పంటికి బదులు కొత్తది కట్టాలి. బావది పళ్ళ ల్యాబు. రెండో అంతస్తులో మూడు గదులు. వెనక గదిలో ప్లాస్టర్ దుమ్ము, మధ్య గదిలో బల్లలు, దీపాలు, కొలిమి. ముందు గదిలో ఫ్రంట్ డెస్కు, దాని వెనక అక్క. డాక్టర్ల ఫోన్లు, పళ్ళ డబ్బాల రాకపోకలు, ఎవరికి ఏ రోజు ఇవ్వాలో, అన్నీ ఆమె నోటి మీదే నడుస్తాయి.

చిట్టి చదువు మధ్యలో ఆగిపోతే తన ఇంట్లోనే పెట్టుకుని, ఈ ల్యాబుకి తీసుకొచ్చి, కుంచె చేతికిచ్చి కూర్చోబెట్టింది అక్కే. మొదట దవడ పళ్ళు, తర్వాత కోరపళ్ళు, చివరికి ముందుపళ్ళు. ముందుపన్ను అందరికీ చేతకాదు. పింగాణీ పొడిని తడిపి, కుంచెతో పొర మీద పొర పేర్చాలి. కొలిమిలో పెడితే కుంచించుకుపోతుంది కనుక ముందే కాస్త పెద్దదిగా కట్టాలి. అంచున వెలుతురు దూరేలా ఉండాలి, మెడ దగ్గర కాస్త పసుపు ఒలకాలి. పక్కనున్న అసలు పన్నుతో కలిసిపోయి, ఏది దేవుడిచ్చిందో ఏది చిట్టి చేసిందో తెలియకూడదు. పని మధ్యలో లేచిందా, తడి ఆరిపోయి పొర బీటలు వారుతుంది. అందుకే ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళకి చెవిలో ఎవరు అరిచినా వినపడదు.

ఈ మధ్య బావ కళ్ళకి తెలుపులో తేడాలు అందడం లేదు. కళ్ళద్దాలు మార్చాడు, దీపం మార్చాడు, చివరికి కుర్చీ మార్చాడు. ముందుపళ్ళన్నీ చిట్టి బల్లకే వచ్చి చేరాయి. డబ్బా మీద అంటించే చీటీలో మాత్రం 'తయారుచేసినవారు' అన్నచోట బావ పేరే పడేది. అడిగితే, "డాక్టర్లకి ఆ పేరే అలవాటు చిట్టీ" అనేది అక్క. అడగడం కూడా చిట్టి ఒకటి రెండుసార్లతో మానేసింది. కానీ ఆ పేరు చూసిన ప్రతిసారీ ఎక్కడో చివుక్కుమనేది.

ఒక రోజు మనసు గట్టి చేసుకుని, తను చేసిన పళ్ళ ఫోటోలు పెట్టి, ఉద్యోగాల సైటులో తన వివరాలు నింపింది. దొంగతనంగా కాదు, అక్క పక్కన కూర్చునే. "పెట్టు, పోయేదేముంది. నీ చేతి పని లోకం చూడాలి కదా" అంది అక్క. ఫోటోల్లో మంచివి ఏరింది కూడా అక్కే.

తర్వాత వచ్చిందే ఆ మిస్డ్ కాల్.

ల్యాబులో ఒక నియమం ఉంది. పనిలోకి వచ్చేముందు ఎవరి ఫోను వాళ్ళు ఫ్రంట్ డెస్కు మీదున్న ట్రేలో పెట్టాలి. తడి చేతులు, పింగాణీ పొడి, ఫోను, ఈ మూడూ ఒకచోట ఉంటే పని చెడుతుందని బావ పెట్టిన నియమం. ఏప్రాన్లకి జేబులు కూడా కుట్టించలేదు ఆయన. కనుక మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడే చిట్టి ఫోను చూసుకునేది. ఆ బుధవారం చూసుకుంటే తెలియని నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్, దాని వెనకే ఒక వాయిస్ మెయిల్.

అక్క డెస్కు దగ్గరే స్పీకర్ పెట్టి విన్నారు ఇద్దరూ. ఒకావిడ, తొందరలేని గొంతు. తను ఒక నియామక సంస్థలో రిక్రూటర్ననీ, ఒక పెద్ద డెంటల్ ల్యాబు తరఫున మాట్లాడుతున్నాననీ, ముందుపళ్ళ విభాగానికి హెడ్ సిరామిస్ట్, అంటే పింగాణీ పళ్ళు కట్టేవాళ్ళకి పెద్ద, కావాలని చూస్తున్నారనీ, మీ ఫోటోలు వాళ్ళకి చాలా నచ్చాయనీ చెప్పింది. ముందు ఒక ఇరవై నిమిషాలు తనతో ఫోనులో మాట్లాడితే, ఆ తర్వాత పేరు ల్యాబుకి పంపుతానంది. "శనివారం లోపు పేర్లు పంపేయాలి. మీకు వీలైన టైము మెసేజ్ పెట్టినా చాలు" అని పెట్టేసింది.

చిట్టి ఆ వాయిస్ మెయిల్ ఇంకోసారి పెట్టి వింది. ఆ ల్యాబు గురించి ఆమెకి తెలుసు. అక్కడ చీటీ మీద చేసినవాళ్ళ పేరే వేస్తారు.

"వెంటనే తిరిగి చేస్తే?" అంది.

"ఇప్పుడా? లోపల బావ ఉన్నాడు, బయట డబ్బాలవాడు ఉన్నాడు. కంగారులో నువ్వు నీళ్ళు నములుతావు" అంది అక్క. అది నిజమే. "మెసేజ్ పెట్టు. పొట్టిగా, మర్యాదగా. ఆవిడే అడిగిందిగా."

లోపల కొలిమి కూత పెట్టింది. పళ్ళు బయటికి తీయాలి, ఆలస్యమైతే పనికిరావు. చిట్టి అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేసింది.

"నేను చెప్తా, నువ్వు కొట్టక్కా."

డాక్టర్లకి మెసేజీలన్నీ రాసేది అక్కే, ఆమె వేళ్ళు ఫోను మీద కుట్టుమిషనులా నడుస్తాయి. చిట్టి తలుపు పట్టుకుని చెప్పింది, అక్క కొట్టింది, కొట్టింది పైకి చదివింది.

"నమస్కారమండి. హెడ్ సిరామిస్ట్ ఉద్యోగం గురించి మీరు చేసిన కాల్ అందుకోలేకపోయాను, వాయిస్ మెయిల్ విన్నాను. ధన్యవాదాలు. ఆసక్తి ఉంది, మాట్లాడాలనుకుంటున్నాను. పని వేళల్లో ఫోను తీయలేను. రేపు గురువారం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు లోపు, లేదా శుక్రవారం సాయంత్రం ఆరున్నర తర్వాత ఇదే నంబరుకి చేయగలరా? మీకు ఏది వీలో చెప్తే సిద్ధంగా ఉంటాను."

"బావుంది. పంపెయ్యి" అంది చిట్టి.

"ఆగు. వాళ్ళకేదైనా మార్పుంటే? 'అత్యవసరమైతే పని వేళల్లో చేసినా పర్వాలేదు, ఫోను మా ఫ్రంట్ డెస్కులో ఉంటుంది' అని ఒక లైను రాయనా? చేస్తే నేను నిన్ను పిలుస్తాగా."

"రాయి" అనేసి చిట్టి కొలిమి దగ్గరికి పరుగెత్తింది.

పంపాల్సిన మెసేజ్ అంతకుముందు లైనుతోనే అయిపోయింది. తన టైములు తను చెప్పింది, వాటిలో ఒకటి ఏరుకోవడం వాళ్ళ వంతు. ఆ పైన తలుపు తీసిపెట్టిన లైను ఒకటి చేరింది. ఆ తలుపు దగ్గర కాపలా ఉన్నది సొంత అక్క కదా, భయమేముంటుంది ఎవరికైనా?

సాయంత్రం ఫోను తీసుకునేసరికి జవాబు వచ్చి ఉంది. "ధన్యవాదాలు. రేపు గురువారం ఒకటిన్నరకి చేస్తాను." చిట్టి ఆ రెండు వాక్యాలూ పదిసార్లు చదువుకుంది. అక్కకి చూపించింది. అక్క చెల్లెలి బుగ్గ గిల్లి, "వెళ్ళిపోతావన్నమాట అయితే" అంది నవ్వుతూ. చిట్టి కూడా నవ్వింది.

మర్నాడు ఒంటిగంటకే బల్ల సర్దేసింది. ట్రేలోంచి ఫోను తీసుకుని, టిఫిన్ డబ్బా ముట్టుకోకుండా మేడమీదికి వెళ్ళింది. అక్కడ నీళ్ళ ట్యాంకు నీడలో ఒక విరిగిన కుర్చీ ఉంది. సిగ్నల్ ఉందా అని చూసింది, సౌండ్ పెంచి ఉందా అని చూసింది. అడిగితే ఏం చెప్పాలో పెదాల్లోనే వల్లించుకుంది. ఒకటిన్నర అయింది. ఫోను మోగలేదు. కాస్త ఆలస్యమై ఉంటుంది, పెద్దవాళ్ళకి వంద పనులు. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేసి, ఆపి, మళ్ళీ స్టార్టు చేశారు. ఒకసారి ఫోను కదిలినట్టయితే ఒళ్ళు ఝల్లుమంది. చూస్తే సిమ్ కంపెనీవాళ్ళ ప్రకటన. రెండు దాటింది. కొలిమి కూత మేడమీదికి కూడా వినిపించింది. ఇక దిగక తప్పలేదు.

ముఖం చూసి అక్క ఏమీ అడగలేదు. టీ తెప్పించింది. ఎవరూ వినకుండా పక్కకి లాగి, "వాళ్ళంతేనే. ఆశ పెట్టి మర్చిపోతారు. వంద మందికి చేస్తుంటారు, నువ్వెవరో గుర్తుండదు" అంది.

"చేస్తానని రాసిందక్కా."

"రాస్తారు. రాయడానికేం పోయింది?"

"శుక్రవారం కూడా ఇచ్చాగా. రేపు చేస్తుందేమో."

"చేస్తే మంచిదే" అంది అక్క. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం మళ్ళీ అడక్కు. వెంటపడితే చులకనైపోతావు. నీ చేతికి ఏం తక్కువని బతిమాలాలి?"

శుక్రవారం సాయంత్రం కూడా మోగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క ఆ రిక్రూటర్ని చెడామడా తిట్టింది. మాట మీద నిలబడని మనుషులు అంది, మన పిల్లని ఎంత క్షోభ పెట్టారో అంది. కంచంలో మరో గరిటె వడ్డించింది. తన తరఫున ఎవరైనా కోప్పడితే ఎంత ఓదార్పో మనందరికీ తెలుసు. చిట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోతే పోయింది, ఈ అక్క ఉంది కదా అనుకుంది ఆ క్షణాన. నిజంగానే అనుకుంది.

కానీ పక్క మీద వాలాక నిద్ర పట్టలేదు. రెండు రోజుల కింద అంత మర్యాదగా మాట్లాడిన మనిషి ఒక్క ముక్కైనా పెట్టకుండా ఎందుకు ఊరుకుంటుంది? చులకన అయితే అయ్యాను, నా ముఖం ఆవిడ చూసిందా ఏమన్నా, అనుకుంది. శనివారం ల్యాబుకి బయల్దేరే ముందు బాత్రూములో నిలబడి, ఈసారి తన వేళ్ళతోనే కొట్టింది. ఎవరికీ చదివి వినిపించలేదు.

"నమస్కారమండి. గురువారం ఒకటిన్నరకి మీ కాల్ కోసం ఎదురుచూశాను, రాలేదు. మీకు వీలు కాలేదనుకుంటాను. ఆ ఉద్యోగం మీద ఆసక్తి అలాగే ఉంది. ఈ రోజు శనివారం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు లోపు మాట్లాడగలను. ఆ సమయంలో ఫోను నా చేతిలోనే ఉంటుంది."

ఫ్రంట్ డెస్కు లైను రాయలేదు. కావాలని మానేసిందా అంటే అదీ కాదు. తట్టలేదు, అంతే.

ఆ మధ్యాహ్నం మేడమీద కుర్చీలో కూర్చుందో లేదో, ఒకటిన్నరకి సరిగ్గా ఫోను మోగింది.

"నమస్కారమండి" అంది రిక్రూటర్. అదే తొందరలేని గొంతు, కాకపోతే ఈసారి అందులో కొంచెం తికమక ఉంది. "మీ మెసేజ్ చూశాను. నాకు అర్థం కాక చేస్తున్నాను. మీరు మనసు మార్చుకున్నారా?"

"మార్చుకోవడమేమిటండీ? నేను ఎదురుచూస్తూనే ఉన్నా."

"గురువారం పొద్దున మనం మాట్లాడుకున్నాం కదండీ. ఒకటిన్నరకి నాకు వేరే మీటింగ్ పడింది. అత్యవసరమైతే పని వేళల్లో చేయొచ్చని మీరు రాశారు కదా, అందుకే పదకొండింటికే చేశాను."

చిట్టి కుర్చీలోంచి లేచింది. ఎవరో ఎత్తేసిన కాల్ కనుక ఫోనులో మిస్డ్ కాల్ గుర్తే పడలేదు.

"ఎవరు తీశారండీ?"

"మీరేనా అని అడిగాను, అవునన్నారు." ఆవిడ గొంతు ఇంకాస్త మెత్తబడింది. "చూడండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు. మీరు అన్నీ చక్కగా చెప్పారు. ఈ ఉద్యోగం వద్దన్నారు. మీ అక్కగారిని వదిలి రాలేనన్నారు, మిమ్మల్ని మనిషిని చేసింది ఆవిడేనన్నారు. మీరు లేకపోతే ఆవిడ ఇల్లు, ల్యాబు రెండూ నిలబడవన్నారు. ఏడ్చారు కూడా. అందుకే నేను బలవంతపెట్టలేదు."

ట్యాంకులోంచి నీళ్ళు పొర్లిపోతున్నాయి. కింద మోటారు ఆపేవాళ్ళు లేరు.

"అది నేను కాదండి" అంది చిట్టి. "మా అక్క. ఫోనులో మా ఇద్దరి గొంతూ ఒకటే."

అనేశాక ఆ మాట ఎలా వినిపించిందో తనకే తెలిసింది. చిన్నపిల్లలు చెప్పే అబద్ధంలా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ నవ్వుకున్న మాట, అవతలివాళ్ళ చెవికి ఎంత అతకనిదో అప్పుడే తెలిసింది.

"అలాగా" అంది రిక్రూటర్. ఆ ఒక్క మాటకి చాలా సమయం తీసుకుంది. "నేను మిమ్మల్ని కాదనడం లేదు. కానీ ఇప్పుడు వింటున్నదీ ఆ గొంతేనండి. నేనేం చేయగలను చెప్పండి? నిన్న సాయంత్రమే పేర్లు పంపేశాను. సోమవారం నుంచి వాళ్ళు ఇంటర్వ్యూలు మొదలుపెడుతున్నారు. ఈ ఉద్యోగం వరకు కుదరదు. ఇంకోటి ఏదైనా వస్తే చూద్దాం. ముందు మీరూ మీ ఇంట్లోవాళ్ళూ ఒక మాట మీదికి రండి."

"సరేనండి" అంది చిట్టి. థాంక్స్ కూడా చెప్పింది. తనకంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

మెట్లు దిగుతుంటే కోపం రాలేదు ఆమెకి. కోపం వస్తే బావుండేది. గురువారం తెప్పించిన టీ గుర్తొచ్చింది. పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. నిన్న రాత్రి వడ్డించిన ఆ మరో గరిటె గుర్తొచ్చింది.

ముందు గదిలో అక్క ఒక్కతే ఉంది. డబ్బాలకి చీటీలు అంటిస్తోంది. చెల్లెలి ముఖం చూసి చెయ్యి ఆపింది. కొన్నిటికి మాటలు అక్కర్లేదు, ఒకే గొంతున్నవాళ్ళకి అసలే అక్కర్లేదు.

"ఆవిడ చేసింది" అంది చిట్టి.

అక్క చేతిలో చీటీ వేలికి అంటుకుపోయింది. దాన్ని వదిలించుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మీరేనా అంది ఆవిడ" అంది అక్క చివరికి. "నిన్ను పిలుద్దామనే తీశానే. ఒట్టు. మీరేనా అంటే నోట్లోంచి అవునని వచ్చేసింది. ఇంట్లో అమ్మతో ఆడినట్టే. ఆ ఒక్క మాట తర్వాత వెనక్కి రాలేకపోయాను."

"నోరు జారావు. సరే. ఏడ్చింది కూడా నోరు జారేనా?"

"ఏడుపు అబద్ధం కాదు" అంది అక్క. "నువ్వు వెళ్ళిపోతే ఏమవుతుందో తెలుసా? బావ కళ్ళు నీకు తెలుసు. ఇప్పుడు ఈ పళ్ళెవరు చేస్తారు?"

"ఆ మాట నన్ను అడగాలి. ఉండిపోవే చిట్టీ, అనొచ్చుగా. అంటే ఉండేదాన్నేమో. ఉండిపోతున్నానని నా గొంతుతో నువ్వు ఆవిడకి చెప్పావు. నాకు మాత్రం చెప్పలేదు."

అక్క ఆ చీటీని ఉండచుట్టి డెస్కు మీద పెట్టింది.

"మేడమీద అంతసేపు కూర్చుని వచ్చానే. టీ ఇచ్చావు. మాట తప్పే మనుషులని తిట్టావు నాతో కలిసి. మళ్ళీ అడగొద్దన్నావు. నా మీద జాలి అనుకున్నా. అడిగితే బయటపడుతుందని కదూ?"

"చిట్టీ."

"ఒక్కటి చెప్పు అక్కా. ఆ చివరి లైను రాయనా అని అడిగావు చూడు, ఫోను ఫ్రంట్ డెస్కులో ఉంటుందని. అది నా మేలు కోరి రాశావా, లేక అప్పుడే నీ మనసులో ఉందా?"

అక్క నోరు తెరిచింది. ఎప్పుడూ మాట కోసం తడుముకోని మనిషి. ఎంత కోపంగా ఉన్న డాక్టరునైనా రెండు ముక్కల్లో దారికి తెచ్చే మనిషి. ఏదో వెతుక్కున్నట్టు ట్రే వైపు చూసింది, తలుపు వైపు చూసింది.

"తెలీదే" అంది. "నిజంగా నాకే తెలీదు."

మేలు కోరే అని అబద్ధమైనా చెప్పి ఉంటే, చిట్టి దాన్ని పట్టుకుని ఏదోలా నిలబడేది. ఎన్నాళ్ళకో అక్క నోట వచ్చిన నిజం ఆ మిగిలిన ఆసరాని కూడా లాగేసింది.

చిట్టి మధ్య గదిలోకి వెళ్ళింది. బల్ల మీద సగం కట్టిన ముందుపన్ను ఒకటి ఉంది. పొర ఆరిపోయి మెడ దగ్గర సన్నగా బీట వారింది. దాన్ని కుంచె మొనతో తీసేసి, ప్లాస్టర్ దవడని శుభ్రంగా తుడిచి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి అనువుగా పెట్టింది. కుంచెలు కడిగింది. అవి తనవి, తన జీతంతో కొనుక్కున్నవి. వాటిని గుడ్డలో చుట్టింది. వెనక గదిలోంచి బావ, "చిట్టీ, సాయంత్రం పంపాల్సిన ఆ పన్ను రంగు ఒకసారి చూసిపెట్టవా, నాకు సరిగ్గా ఆనడం లేదు" అని పిలిచాడు. ఆయనకి ఏమీ తెలియదు. ఆమె వెళ్ళి రంగు చూసి చెప్పింది. "కొంచెం పసుపు తగ్గించాలి బావా" అంది. ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది.

ముందు గదిలోకి వచ్చి, అక్క ఎదురుగానే నిలబడి మెసేజ్ కొట్టింది. ఈసారి దాచిపెట్టాల్సిందేమీ లేదు.

"నమస్కారమండి. ఇందాక చెప్పింది నిజమే, కానీ మిమ్మల్ని నమ్మమని అడగను. ముందుపళ్ళ పని ఎక్కడున్నా చెప్పండి. ఇకమీదట మీరు ఏ వేళలోనైనా చేయొచ్చు. ఫోను నా దగ్గరే ఉంటుంది."

"ఏం రాశావే?" అంది అక్క. అలవాటు మీద అడిగింది, చదివి వినిపిస్తుందేమోనని.

చిట్టి చదవలేదు. పంపేసి, ఫోను సంచిలో వేసుకుని, కుంచెలు చంకలో పెట్టుకుని, తలుపు తీసుకుని మెట్ల మీదికి వచ్చింది.

నాలుగు మెట్లు దిగేసరికి లోపల డెస్కు మీది ఫోను మోగింది. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. అక్క ఎత్తింది. అవతల ఎవరో, ఏం అడిగారో, చిట్టికి వినాల్సిన అవసరం లేకపోయింది.

"పెద్దదాన్నమ్మా" అంది అక్క.

కాసేపాగి మళ్ళీ అంది. "ఆట కాదమ్మా. నేను పెద్దదాన్నే."

అవతలావిడ నవ్వుతున్నట్టుంది, నమ్మినట్టు లేదు. "చిన్నది ఇక్కడ లేదమ్మా, వెళ్ళిపోయింది. నిజంగా పెద్దదాన్నే నేను, నా మాట నమ్ము" అంటోంది ఆ గొంతు, మధ్యలో తడబడుతూ. మెట్ల మీద నిలబడి వింటుంటే అచ్చం తనే ఏడుస్తున్నట్టుంది. చిట్టి కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మిగతా మెట్లు దిగి వీధిలోకి వచ్చేసింది.